అమ్మ మాత్రకు రోజూ ఓ మెసేజ్: అలారం ఆవిడ ఫోన్‌లో, క్యాలెండర్ పగ్గం మీ చేతిలో

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. పొద్దున ఆరింటికి పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి, కాఫీ ఆ తర్వాతే. మరిచిపోతోందని రోజూ ఇక్కడ సాయంత్రం ఏడున్నరకు వాట్సాప్‌లో మెసేజ్ పెడుతున్నాను. ఆ టైముకి డ్రైవింగ్‌లోనో పిల్లల క్లాసు దగ్గరో ఉంటే నేనే మరిచిపోతున్నాను, ఇక రాత్రంతా టెన్షన్. రోజూ దానంతట అదే వెళ్లేలా ఫోన్‌లోనే పెట్టుకునే దారి ఉందా? ఇద్దరివీ ఆండ్రాయిడ్ ఫోన్లే. — ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఫోన్‌తో పాటు వచ్చే అలారం గానీ, క్యాలెండర్ గానీ మీ బదులు ఎవరికీ వాట్సాప్ మెసేజ్ పంపవు. ఏ ఫోన్‌లో ఉన్నాయో ఆ ఫోన్ పట్టుకున్న మనిషికి టైముకి గుర్తు చేయడమే వాటి పని. గూగుల్ మెసేజెస్ యాప్‌లో పంపే బటన్‌ను నొక్కి పట్టుకుంటే ఫలానా రోజు, ఫలానా టైముకి ఎస్సెమ్మెస్ వెళ్లేలా పెట్టవచ్చు. కానీ అది ఒక్కసారికే. రోజూ అదే మెసేజ్ వెళ్లాలంటే రోజూ కొత్తగా పెట్టాలి, అంటే మరిచిపోయే పని మళ్లీ మీ మీదే పడుతుంది.

వాట్సాప్ మెసేజ్‌లు ఆటోమేటిగ్గా పంపిస్తామని చెప్పే బయటి యాప్‌లు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం Accessibility అనే అనుమతి అడుగుతాయి. ఆ అనుమతి ఇచ్చామంటే మన తెరమీద కనిపించేదంతా ఆ యాప్ చదవగలదు, మన బదులు బటన్లూ నొక్కగలదు. అదే ఫోన్‌లో బ్యాంకు యాప్, ఓటీపీలు ఉంటాయి. ఒక్క మాత్ర గుర్తు చేయడం కోసం అంత తలుపు తెరవద్దని నా గట్టి సలహా. పైగా ఫోన్ లాక్ అయి ఉంటే అవి చాలాసార్లు పంపలేవు కూడా.

కాబట్టి మెసేజ్ డాలస్ నుంచి తెనాలికి వెళ్లాలన్న ఆలోచనే పక్కన పెడదాం. అది రోజూ అమ్మ ఫోన్‌లోనే పుట్టి, అమ్మ ఫోన్‌లోనే మోగితే మీ డ్రైవింగ్‌తో గానీ, ఇంటర్నెట్‌తో గానీ పనుండదు. మోగడానికి అలారం. మాట మార్చాల్సి వస్తే ఇక్కడి నుంచే మార్చడానికి క్యాలెండర్. రెండూ కలిపి పెట్టండి, ఎందుకంటే ఒకదానికి లేని గుణం రెండోదానికి ఉంది.

మొదట అలారం. అమ్మ ఫోన్‌లో క్లాక్ యాప్ తెరిచి, 6:00 ఏఎమ్‌కి కొత్త అలారం పెట్టాలి. కింద వారం రోజుల మొదటి అక్షరాలు గుండ్రంగా కనిపిస్తాయి. ఏడింటినీ నొక్కాలి. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఆ గుండ్రాలు నొక్కకపోతే అలారం రేపు ఒక్కరోజు మోగి, దానంతట అదే ఆఫ్ అయిపోతుంది. మూడో రోజు "అలారం పెట్టాం కదా, ఎందుకు మోగలేదు" అని వెతుక్కుంటాం. సరిగా పెట్టారో లేదో తెలుసుకోవడం తేలికే. అలారాల జాబితాలో టైము దగ్గర Every day అని ఉండాలి. రేపటి తేదీ గానీ Tomorrow గానీ కనిపిస్తే అది రోజువారీ అలారం కాదు.

అదే చోట Label అని ఉంటుంది. అందులో మీరు రోజూ పంపే మాటే తెలుగులో రాయవచ్చు. "అమ్మా, థైరాయిడ్ మాత్ర వేసుకో. కాఫీ ఏడింటికి" అన్నంత చాలు. అలారం మోగినప్పుడు తెరమీద అదే కనిపిస్తుంది. మరీ పొడుగైతే తెరమీద పూర్తిగా పట్టదు. అందుకే మాత్ర పేరు ముందు రాయండి, మిగతాది తర్వాత.

అయితే పొద్దున్నే కళ్లజోడు వెతుక్కుని చదవడం కన్నా మీ గొంతు వినిపించడం మేలు. ఇది చాలామందికి తెలియదు గానీ, అలారం టోన్‌గా మన రికార్డింగ్ పెట్టుకోవచ్చు. మీ ఫోన్‌లోని రికార్డర్‌లో పది పదిహేను సెకన్లు, ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, కాస్త గట్టిగా మాట్లాడండి: "అమ్మా, ఆరయింది. మాత్ర వేసుకుని నీళ్లు తాగు." ఆ ఫైల్‌ను వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. అప్పుడు అది మామూలు ఆడియో ఫైల్‌లాగే అమ్మ ఫోన్‌లో దిగుతుంది. తర్వాత అలారంలో గంట బొమ్మ నొక్కి, గూగుల్ క్లాక్ అయితే Add new ద్వారా ఆ ఫైల్ ఎంచుకోవాలి. ఫోన్ కంపెనీ సొంత క్లాక్ అయితే ఫోన్‌లోంచి పాట ఎంచుకోమనే వరుస ఒకటి ఉంటుంది. అలారం ఆపే దాకా ఆ మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి.

ఒక్క జాగ్రత్త. ఆ ఫైల్ వాట్సాప్ ఫోల్డర్‌లోనే ఉంటే, స్టోరేజ్ నిండిందని ఎవరైనా వాట్సాప్ ఫైళ్లు చెరిపేసిన రోజున అదీ పోతుంది. Files యాప్‌లోంచి Alarms అనే ఫోల్డర్‌లోకి ఒక కాపీ వేయించి, అలారంలో ఆ కాపీనే ఎంచుకోండి.

అలారానికి ఉన్న పెద్ద బలం, అది సైలెంట్‌లో పెట్టినా మోగుతుంది. Do Not Disturb పెట్టినా, ఎవరూ ప్రత్యేకంగా మార్చకపోతే, మోగుతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. సిమ్ రీఛార్జ్ అయిపోయినా పనిచేస్తుంది. కానీ దాని వాల్యూమ్ వేరు. అమ్మ పక్క బటన్‌తో తగ్గించేది ఎక్కువగా పాటల వాల్యూమో, రింగ్ వాల్యూమో అవుతుంది. సెట్టింగ్స్‌లో Sound లోపల Alarm volume అని విడిగా ఒక గీత ఉంటుంది, దాన్ని పూర్తిగా పెంచాలి. రాత్రి ఫోన్ స్విచ్ ఆఫ్ చేసే అలవాటు ఉంటే మాత్రం ఈ ఏర్పాటంతా వృథా. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆఫ్ అయిన ఫోన్ అలారం కోసం తనంత తాను ఆన్ కాదు. ఈ సంగతి అమ్మను తప్పకుండా అడగండి. కరెంటు ఆదా అనో, ఫోన్‌కి విశ్రాంతి అనో ఆపేసే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకో చిన్న చిక్కు. గూగుల్ క్లాక్ అలారం మోగబోయే ముందే పైన ఒక నోటిఫికేషన్ చూపిస్తుంది, అందులో Dismiss అని ఉంటుంది. అయిదింటికే లేచి ఫోన్ చూసుకునే మనిషి దాన్ని నొక్కేస్తే ఆరోజు ఆరింటికి అలారం మోగదు. మర్నాడు మళ్లీ మామూలే. "ఒక్కోరోజు మోగుతుంది, ఒక్కోరోజు మోగదు" అని అమ్మ అంటే ముందు ఇదే అనుమానించండి.

ఆరింటికి ఆవిడ బాత్రూంలోనో పెరట్లోనో ఉంటే? గూగుల్ క్లాక్‌లో ఎవరూ ఆపకపోతే అలారం మామూలుగా పది నిమిషాలు మోగి ఊరుకుంటుంది. అందుకని 6:20కి రెండో అలారం పెట్టండి. కానీ దాని మాట వేరుగా ఉండాలి. రెండోసారీ "మాత్ర వేసుకో" అని ఉంటే, ఆరింటికే వేసుకున్న మనిషి అనుమానంతో ఇంకొకటి వేసుకునే ప్రమాదం ఉంది. "మాత్రల డబ్బా చూసుకో" అని పెట్టండి. మందుల షాపుల్లో ఏడు రోజులకు ఏడు గదులున్న ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది. ఆదివారం కూర్చుని నింపుకుంటే, ఆరోజు గది ఖాళీగా ఉందా లేదా అన్నదే జవాబు. అలారం ఆపడం వేరు, మాత్ర వేసుకోవడం వేరు. ఆ తేడా ఫోన్‌కు తెలియదు.

ఇప్పుడు క్యాలెండర్. అలారాన్ని డాలస్ నుంచి మార్చలేరు. డాక్టర్ మోతాదు మార్చినా, కొత్త మందు రాసినా తెనాలిలో ఎవరో ఒకరు ఆ ఫోన్ పట్టుకోవాలి. గూగుల్ క్యాలెండర్‌లో మీ అకౌంట్‌లో ఒక ఈవెంట్ పెట్టి, అందులో అమ్మ జీమెయిల్ అడ్రస్‌ను అతిథిగా చేరిస్తే, మీరు ఇక్కడ మార్చినది అక్కడ మారుతుంది.

మీ ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి + నొక్కి Event ఎంచుకోండి. పైన పేరు అడిగే చోటే మీ మెసేజ్ రాయండి. నోటిఫికేషన్‌లో కనిపించేది ఆ పేరే. కింద వివరాల గడిలో ఎంత అందంగా రాసినా, అమ్మ ఈవెంట్ తెరిస్తే తప్ప కనిపించదు. Does not repeat అని ఉన్నచోట నొక్కి Every day చేయండి.

ఆ తర్వాతిది అన్నిటికన్నా ముఖ్యం. టైము కింద టైమ్ జోన్ అని ఒక వరుస ఉంటుంది. మీ ఫోన్ డాలస్‌లో ఉంది కాబట్టి అక్కడ సెంట్రల్ టైమ్ ఉంటుంది. దాన్ని India Standard Time చేసి, 6:00 ఏఎమ్ అని పెట్టండి. "ఇక్కడ ఏడున్నర అంటే అక్కడ ఆరు" అని లెక్కకట్టి మీ టైములో పెట్టవద్దు. ఎందుకో చెబుతాను.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి వస్తుంది. ఇండియాలో ఆ జరుపుళ్లు లేవు. అందుకని ఎండాకాలంలో డాలస్‌కీ తెనాలికీ తేడా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. మీ సాయంత్రం 7:30 జూలైలో తెనాలిలో పొద్దున 6:00. అదే 7:30 డిసెంబరులో తెనాలిలో 7:00. అప్పటికి అమ్మ కాఫీ తాగేసి ఉంటుంది. ఈ మాత్ర వేసుకున్నాక మామూలుగా అరగంట నుంచి గంట దాకా ఏమీ తినవద్దని, కాఫీ కూడా వద్దని డాక్టర్లు చెప్పేది కాఫీ వల్ల మందు ఒంటికి సరిగా పట్టదనే. అంటే డాలస్ టైముతో పెట్టిన ఈవెంట్ నవంబరు నుంచి మార్చి దాకా రోజూ గంట ఆలస్యంగా, కాఫీ అయ్యాక వస్తుంది. మీరు ఇప్పుడు చేత్తో పంపుతున్న మెసేజ్‌కీ ఇదే జరుగుతుంది. ఇండియా టైముతో కట్టిన ఈవెంట్ అమ్మకు ఎప్పుడూ ఆరింటికే వస్తుంది. మీ ఫోన్‌లో అది ఎండాకాలంలో సాయంత్రం 7:30 దగ్గర, చలికాలంలో 6:30 దగ్గర కనిపిస్తుంది, అంతే.

వారానికోసారి వేసుకునే మందులకు ఇంకో తిరకాసు ఉంది. విటమిన్ డి పొడి ఆదివారం పొద్దున పాలలో వేసుకోమంటే, తెనాలిలో ఆదివారం ఆరింటికి మీకు ఇంకా శనివారం సాయంత్రమే. ఇండియా టైమ్ జోన్ పెట్టి ఆదివారం ఎంచుకుంటే మీ క్యాలెండర్ దాన్ని శనివారం గడిలో చూపిస్తుంది. తప్పు పడిందనుకుని జరపకండి, అదే సరైనది. డాక్టర్ ఎనిమిది వారాలు రాస్తే, Custom లోకి వెళ్లి, వారానికోసారి అని పెట్టి, ముగింపు దగ్గర After 8 occurrences అని ఇవ్వండి. తొమ్మిదో వారం అది రాదు. నెలల తరబడి ఎవరూ తీసేయని రిమైండర్ వల్ల ఎక్కువ రోజులు మందు మింగేవాళ్లను నేను చూశాను. అందుకే ముగింపు ఉన్న మందుకు ముగింపు తేదీ తప్పకుండా పెట్టండి. థైరాయిడ్ మాత్రలాంటి దానికి Never అని వదిలేయండి.

చివరగా అతిథుల గడిలో అమ్మ జీమెయిల్ అడ్రస్ ఇచ్చి సేవ్ చేస్తే, ఆహ్వానం పంపాలా అని అడుగుతుంది, పంపండి. ఈవెంట్‌ను మార్చే అధికారం అతిథులకు ఇవ్వకండి. అమ్మ ఫోన్‌లో జీమెయిల్‌కు వచ్చిన ఆ ఆహ్వానంలో ఒకసారి Yes నొక్కాలి. No నొక్కితే ఇక ఆ ఈవెంట్ గుర్తు చేయదు. ఇది ఒక్కసారి చేసే పని.

ఇక్కడే చాలామంది ఆగిపోయి, మర్నాడు నోటిఫికేషన్ అయిదున్నరకే వచ్చిందని ఆశ్చర్యపోతారు. మీరు మీ ఈవెంట్‌లో నోటిఫికేషన్ టైము ఏం పెట్టుకున్నా అది మీకు మాత్రమే. అతిథిగా వచ్చిన మనిషికి ఆవిడ ఫోన్‌లో ముందే ఉన్న సెట్టింగ్ ప్రకారం వస్తుంది. మామూలుగా అది ఈవెంట్‌కు 30 నిమిషాల ముందు. అయిదున్నరకు టింగ్ అంటుంది, అమ్మ చూస్తుంది, ఆరింటికి కదా అనుకుని పక్కన పెడుతుంది, మరిచిపోతుంది. దీన్ని అమ్మ ఫోన్‌లోనే మార్చాలి. క్యాలెండర్‌లో ఎడమ పక్క మూడు గీతల మెనూ, అందులో Settings, ఆవిడ అకౌంట్ కింద Events, అక్కడ Default notifications. 30 నిమిషాలు అన్నదాన్ని తీసి At time of event పెట్టాలి.

దూరం నుంచి ఇదంతా ఎలా చేయించాలి అంటారేమో. వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ చూపించే బటన్ ఉంటుంది. అమ్మ దాన్ని నొక్కితే ఆవిడ తెర మీకు కనిపిస్తుంది, "ఇంకొంచెం కిందికి, అదే, అది నొక్కు" అని చెప్పి చేయించవచ్చు. ఆ సమయంలో బ్యాంకు యాప్ తెరవవద్దని ముందే చెప్పండి. ఇంకో మాట కూడా చెప్పండి: ఇలా స్క్రీన్ చూపించమని మీరు కాకుండా ఇంకెవరు అడిగినా, బ్యాంకు వాళ్లమని చెప్పినా సరే, ఒప్పుకోకూడదు. నోటిఫికేషన్ సెట్టింగ్, ఆహ్వానానికి Yes, అలారం వాల్యూమ్, ఏడు రోజుల గుండ్రాలు, ఈ నాలుగూ ఒకే కాల్‌లో అయిపోతాయి.

క్యాలెండర్ బలహీనతలు కూడా తెలిసి ఉండాలి. దాని నోటిఫికేషన్ ఒక్కసారి చిన్నగా మోగి ఊరుకుంటుంది, అలారంలా వదలకుండా పట్టుబట్టదు. ఫోన్ సైలెంట్‌లో ఉంటే ఆ చప్పుడు కూడా ఉండదు. అందుకే నిద్రలేపే పని, గట్టిగా గుర్తుచేసే పని అలారానిదే అన్నాను. ఒకసారి ఫోన్‌లోకి దిగిన ఈవెంట్‌కు ఇంటర్నెట్ లేకపోయినా నోటిఫికేషన్ వస్తుంది గానీ, మీరు చేసిన మార్పు అమ్మ ఫోన్‌కు చేరాలంటే అది నెట్‌లో ఉండాలి. మొబైల్ డేటా ఆపేసి పడుకునే ఇళ్లలో, రాత్రి చేసిన మార్పు పొద్దున ఆరింటికి అందకపోవచ్చు. మార్పులు వీలైతే తెనాలి పగటి పూటే చేయండి, చేశాక "కొత్తది కనిపించిందా" అని అడగండి.

కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం యాప్‌లను నిద్రపుచ్చుతాయి. అప్పుడు క్యాలెండర్ నోటిఫికేషన్ ఆలస్యంగానో, అమ్మ ఫోన్ తెరిచాకనో వస్తుంది. ఆరింటికి రావాల్సింది రోజూ ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకున్న క్షణానే వస్తోందంటే కారణం ఇదేనని గట్టిగా అనుమానించవచ్చు. క్యాలెండర్ యాప్ గుర్తును నొక్కి పట్టుకుని App info లోకి వెళ్లి, Battery దగ్గర Unrestricted పెట్టండి. ఒకవేళ ఒకే మాటకు రెండు నోటిఫికేషన్లు వస్తుంటే, ఫోన్ కంపెనీ సొంత క్యాలెండర్ యాప్ కూడా అదే అకౌంట్‌ను చదువుతోందని అర్థం. రెంటిలో ఒకదాని నోటిఫికేషన్లు ఆపేయండి. రెండుసార్లు గుర్తు చేస్తే మంచిదేగా అని వదిలేస్తే, రెండు మాత్రలనుకునే అవకాశం ఉంది.

మోతాదు మారినప్పుడు ఈవెంట్ తెరిచి పేరు మార్చి సేవ్ చేస్తే, ఈ ఒక్కదానికా, ఇక మీదట అన్నిటికా అని అడుగుతుంది. This and following events ఎంచుకోండి. ఒక్కదానికే అని నొక్కితే రేపు కొత్త మోతాదు, ఎల్లుండి పాత మోతాదు కనిపిస్తాయి. మందుల విషయంలో అంతకన్నా గందరగోళం లేదు. అలాగే అలారం లేబుల్‌లో, మీ రికార్డింగ్‌లో మోతాదు చెప్పకండి. "మాత్ర వేసుకో" చాలు. ఎంత అన్నది క్యాలెండర్‌లోనే ఉంచితే మార్చాల్సిన చోటు ఒక్కటే అవుతుంది, అదీ మీ చేతిలో ఉంటుంది.

ఇక మీ వాట్సాప్ మెసేజ్ సంగతి. అది మానేయమని నేను అనను. మాత్ర గుర్తుచేసే బరువు దానిమీంచి దించేశాం, కాబట్టి ఇప్పుడు అది టైముకి వెళ్లి తీరాలన్న పట్టుదల అక్కర్లేదు. "వేసుకున్నావా, ఏం టిఫిన్ చేశావు" అని మీరు తీరిగ్గా అడగడానికి మీకోసమే ఇంకో ఈవెంట్ పెట్టుకోండి. దీనికి అతిథులు ఉండరు. మీరు డ్రైవింగ్‌లో ఉండని టైము ఎంచుకోండి, ఉదాహరణకు డాలస్‌లో రాత్రి 8:30. ఇది మీ రోజును బట్టి నడిచే పని గనక దీనికి డాలస్ టైమ్ జోనే సరైనది. వివరాల గడిలో ఈ లింకు రాసి ఉంచండి, ఎక్స్‌లు ఉన్నచోట అమ్మ పది అంకెల నంబరు వేసి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Amma%20tablet%20vesukunnava
```

ముందున్న 91 ఇండియా కోడ్. ముందు ప్లస్ గుర్తు గానీ, నంబరు మొదట్లో సున్నా గానీ, మధ్యలో ఖాళీలు గానీ ఉండకూడదు. మాటల మధ్య ఖాళీకి బదులు %20 రాయాలి. నోటిఫికేషన్ నొక్కి, ఈవెంట్‌లోని లింకు నొక్కితే వాట్సాప్‌లో అమ్మ చాట్ తెరుచుకుని ఆ మాటలు ముందే టైపు అయి ఉంటాయి. పంపే బటన్ మీరే నొక్కాలి. తెలుగు అక్షరాలు నేరుగా రాస్తే లింకు మధ్యలో తెగిపోయే అవకాశం ఉంది. అందుకని ఇలా ఇంగ్లిషు అక్షరాల్లో రాయండి, లేదా ప్రశ్న గుర్తు నుంచి చివరిదాకా తీసేయండి. అప్పుడు ఖాళీ చాట్ తెరుచుకుంటుంది, రోజూ కొత్త మాట రాయవచ్చు. నాకు ఈ రెండోదే నచ్చుతుంది.

ఐఫోన్ ఉన్న పాఠకులు ఇది చదువుతుంటే ఒక మాట. మీ ఫోన్‌లోని Shortcuts యాప్‌లో Automation కింద Time of Day ఎంచుకుని, రోజూ ఒక టైముకి Messages యాప్ నుంచి నిజంగానే మెసేజ్ పంపించవచ్చు. Run Immediately పెడితే మిమ్మల్ని అడగదు. కానీ అది మీ ఫోన్ ఉన్నచోటి గడియారంతో నడుస్తుంది. కాబట్టి నవంబరు గంట తేడా దానికీ తప్పదు, అమెరికా నుంచి పంపితే ఎస్సెమ్మెస్‌కు ఇంటర్నేషనల్ ఛార్జీ పడొచ్చు కూడా. అమ్మ ఫోన్‌లో అలారం ఉన్నాక దాని అవసరం పెద్దగా లేదు.

అంతా పెట్టాక మర్నాటి కోసం ఎదురుచూడకుండా అదే కాల్‌లో పరీక్షించండి. పది నిమిషాల తర్వాతి టైముకి ఒక అలారం, అతిథిగా అమ్మ ఉన్న ఒక ఈవెంట్ పెట్టి, కాల్ కట్ చేసి, అమ్మ ఫోన్ లాక్ చేసి టేబుల్ మీద పెట్టమనండి. రెండూ వచ్చాయని అమ్మ మీకు ఫోన్ చేసి చెబితే పరీక్ష పూర్తయినట్టే, ఆ రెంటినీ చెరిపేయండి. అలారం ఒక్కటే వస్తే లోపం క్యాలెండర్ సెట్టింగ్‌లోనో, బ్యాటరీలోనో, ఆహ్వానానికి Yes నొక్కకపోవడంలోనో ఉంది.

అమ్మ మీ దగ్గరికి డాలస్ వచ్చినప్పుడు మాత్రం ఒక మార్పు చేయాలి. అలారం ఫోన్ గడియారాన్ని బట్టి నడుస్తుంది కనుక ఇక్కడికి రాగానే అది డాలస్ పొద్దున ఆరింటికే మోగుతుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఇండియా టైముకు కట్టిన క్యాలెండర్ ఈవెంట్ మాత్రం సాయంత్రం వేళ వస్తుంది. ఆవిడ విమానం దిగిన రోజునే ఆ ఈవెంట్ తెరిచి, టైమ్ జోన్ సెంట్రల్‌కు మార్చి, 6:00 ఏఎమ్ అని ఇచ్చి, ఈ రోజు నుంచి ఇక అన్నిటికీ అని సేవ్ చేయండి. తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ ఇండియాకు మార్చండి. ప్రయాణంలో ఉన్న ఒకటిన్నర రోజు మాత్ర ఏ టైముకి వేసుకోవాలో బయల్దేరే ముందే అమ్మ డాక్టర్‌ను అడిగి, ఆ ఒక్క మాట కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు పెట్టమనండి.